గిగాబిట్ పరీక్షలో నెగ్గిన కేబుల్ మీద బొమ్మ నిలవదు: హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ ప్రాజెక్టు డైరీ

పని ఇది. రాక్‌లో ఉన్న ప్లేయర్ నుంచి సమావేశ మందిరం అవతలి కొసన పైకప్పుకు బిగించిన ప్రొజెక్టర్‌కి 4కె బొమ్మ, సెకనుకు 30 ఫ్రేములతో వెళ్లాలి. హెచ్‌డీఎంఐ కేబుల్ అంత దూరం లాగలేం కాబట్టి హెచ్‌డీబేస్‌టీ రకం ఎక్స్‌టెండర్ జత తీసుకున్నాం. రాక్ దగ్గర పంపే పెట్టె, ప్రొజెక్టర్ దగ్గర అందుకునే పెట్టె, మధ్యలో ఒక్క నెట్‌వర్క్ కేబుల్. క్యాట్ 6 మీద 1080పీ అయితే 70 మీటర్లు, 4కె అయితే 40 మీటర్లు అని పెట్టెతో వచ్చిన కాగితం చెబుతోంది. గోడలో క్యాట్ 6 ముందే ఉంది.

దశ 1: స్విచ్ గుండా పంపితే

భవనంలో ప్రతి గదికీ నెట్‌వర్క్ ఉన్నప్పుడు ఎవరికైనా ముందు ఇదే తోస్తుంది. పంపే పెట్టెను ఈ చివర స్విచ్‌లో, అందుకునే పెట్టెను ఆ చివర స్విచ్‌లో గుచ్చితే సరిపోతుంది కదా అని. సరిపోదు. గుచ్చే ముందే ఒక కొలత తీసుకోవాలి, ఎందుకంటే ఈ పెట్టెల్లో చాలావాటికి కేబుల్ గుండానే కరెంటు వెళుతుంది.

1. పంపే పెట్టెకు మాత్రమే అడాప్టర్ పెట్టి ఆన్ చేయాలి.
2. దాని కేబుల్ రెండో చివరను ఒక విడి జాక్‌లో దించి, 4-5 జతకూ 7-8 జతకూ మధ్య, తర్వాత 1-2 జతకూ 3-6 జతకూ మధ్య మల్టీమీటర్‌తో డీసీ వోల్టేజీ చూడాలి.
3. వోల్టేజీ కనిపించిందా, ఆ చివర స్విచ్‌లోగానీ ల్యాప్‌టాప్‌లోగానీ పెట్టకూడదు. కొన్ని పెట్టెలు అవతల ఏముందో అడగకుండానే కరెంటు తోసేస్తాయి. పోర్టు కాలిపోవచ్చు.
4. ఏమీ కనిపించకపోయినా అంతటితో నమ్మేయకూడదు. ప్రమాణం పాటించే పెట్టెలు అవతలి పరికరాన్ని గుర్తుపట్టాకే కరెంటు వదులుతాయి, కాబట్టి సున్నా రావడం సహజమే. కేబుల్ గుండా కరెంటు పంపడాన్ని ఆపే చిన్న మీట పెట్టె మీద ఉంటే, దాన్ని ఆఫ్‌లో పెట్టాకే తర్వాతి ప్రయోగం.

మా పెట్టెకు ఆ మీట ఉంది. దాన్ని ఆపి, కొలిచి, సున్నా అని చూశాకే కేబుల్‌ను ల్యాప్‌టాప్‌లో పెట్టాం. వచ్చిన జవాబు ఇది:

```
$ ethtool eth0 | grep detected
	Link detected: no
```

స్విచ్‌లోనూ అంతే, లైటు కూడా వెలగలేదు. ఇందులో సెట్టింగుల తప్పేమీ లేదు. ఈ పెట్టెకు ఐపీ అడ్రస్ ఉండదు, అది ప్యాకెట్లు పంపదు, ఈథర్నెట్ పలకరింపుకు బదులివ్వదు. ఈథర్నెట్‌కూ దీనికీ ఉమ్మడిగా ఉన్నవి ఆ ఎనిమిది పిన్నుల ప్లగ్గూ నాలుగు జతల రాగి తీగా మాత్రమే. ఆ తీగల మీద నడిచే సంకేతం వేరే. స్విచ్ చేసే పని ప్యాకెట్ మీది అడ్రస్ చదివి దాన్ని సరైన పోర్టుకు పంపడం. ఇక్కడ చదవడానికి ప్యాకెట్టే లేదు.

లెక్క చూసినా అదే తేలుతుంది. 3840 × 2160 చుక్కలు, చుక్కకు 24 బిట్లు, సెకనుకు 30 సార్లు అంటే సెకనుకు దాదాపు 6 గిగాబిట్లు. గిగాబిట్ పోర్టులో ఇది పట్టదు. స్విచ్ గుండా వెళ్లే ఎక్స్‌టెండర్లూ ఉన్నాయి. అవి బొమ్మను కుదించి, ప్యాకెట్లుగా మార్చి పంపే ఐపీ రకం. వాటి కాగితంలో ఐపీ, మల్టీకాస్ట్ లాంటి మాటలు ఉంటాయి. ఇవి లేకుండా "క్యాట్ 6 మీద ఇన్ని మీటర్లు" అని మాత్రమే ఉంటే, అది దాదాపు ఎప్పుడూ పెట్టె నుంచి పెట్టెకు నేరుగా వెళ్లే రకమే.

దశ 2: నేరుగా కలిపితే వచ్చింది, నిలవలేదు

స్విచ్ తీసేసి, ప్యాచ్ ప్యానెల్ దగ్గర నేరుగా కలిపి, కరెంటు మీటను తిరిగి ఆన్ చేశాం. దారి ఇలా ఉంది: పంపే పెట్టె, 3 మీటర్ల ప్యాచ్ కార్డ్, ప్యాచ్ ప్యానెల్, గోడలో 33 మీటర్ల క్యాట్ 6, గోడ జాక్, 1.5 మీటర్ల ప్యాచ్ కార్డ్, అందుకునే పెట్టె. గోడలోని పొడవు అంచనాగా వేసింది కాదు. కేబుల్ తొడుగు మీద మీటరుకొకటి చొప్పున అంకెలు ముద్రించి ఉంటాయి. రెండు చివర్లా చదివి తీసివేస్తే చాలు.

బొమ్మ వచ్చింది, రెండు పెట్టెల మీదా లింక్ లైటు వెలిగింది. కాసేపటికి తెర నల్లబడింది. మూడు నాలుగు సెకన్ల తర్వాత బొమ్మ తిరిగొచ్చింది. మళ్లీ పోయింది.

ఈ నలుపు ఎంతసేపు ఉందన్నది చూసి మోసపోవద్దు. కేబుల్ మీద తప్పు జరిగింది సెకనులో చాలా చిన్న వంతే. కానీ లింక్ ఒక్క క్షణం తెగినా, కాపీరైటు రక్షణ కోసం ప్లేయరూ ప్రొజెక్టరూ చేసుకున్న హెచ్‌డీసీపీ ఒప్పందం చెదురుతుంది, దాన్ని మొదటి నుంచి చేసుకోవాలి. తెర నల్లగా ఉండేది ఆ సమయమంతా. అందుకే "లూజ్ కాంటాక్ట్" అనిపిస్తుంది గానీ, కేబుల్ కదిపి చూస్తే ఏమీ తేలదు.

లెక్కపెట్టడానికి తెర ముందు ఛార్జర్‌తో సహా ఫోన్ నిలబెట్టి, సెకనుకు ఒక ఫొటో చొప్పున తీయించాం. మూడు సెకన్ల నలుపు ఇందులో తప్పించుకోలేదు. ఇకమీదట అన్ని లెక్కలూ గంటకు ఎన్ని నలుపులు అన్నవే.

ఇప్పటివరకు:
- దారి: 37.5 మీటర్లు, మధ్యలో 2 అతుకులు
- 4కె: గంటకు 11
- అదే దారి, 1080పీ: గంటకు 0

1080పీలో సున్నా రావడం ముఖ్యమైన ఆనవాలు. పెట్టెలూ, వైరింగ్ క్రమమూ సరిగ్గానే ఉన్నాయి. కేబుల్ దారి మాత్రం అంచు మీద నడుస్తోంది.

దశ 3: అదే కేబుల్ గిగాబిట్‌కి ఎలా ఉంది

పెట్టెలు రెండూ తీసేసి, అదే దారికి ఒక చివర స్విచ్, ఇంకో చివర ల్యాప్‌టాప్ పెట్టాం.

```
$ ethtool eth0 | grep -E 'Speed|detected'
	Speed: 1000Mb/s
	Link detected: yes
```

`iperf3` పది నిమిషాలు నడిపితే 940 మెగాబిట్ల దగ్గర నిలకడగా ఉంది. అంటే నెట్‌వర్క్ మనిషి వచ్చి చూస్తే "కేబుల్ బాగానే ఉంది" అనే అంటాడు, అతని పనికి అది నిజమే. తేడా ఎక్కడుందో ఇక్కడ నిదానంగా చూడాలి, ఎందుకంటే తర్వాతి ఖర్చంతా దీని మీదే ఆధారపడింది.

గిగాబిట్ ఈథర్నెట్ ప్రతి జత మీదా సెకనుకు 12.5 కోట్ల సంకేతాలు పంపుతుంది. ప్రతి సంకేతం 5 వోల్టేజీ మెట్లలో ఏదో ఒకటి. హెచ్‌డీబేస్‌టీ 4కె కోసం నడిచేటప్పుడు ప్రతి జత మీదా సెకనుకు 50 కోట్ల సంకేతాలు పంపుతుంది, ఒక్కోటి 16 మెట్లలో ఒకటి. ఒకే ఎత్తున్న గోడకు ఐదు గీతలు గీస్తే గీతల మధ్య నాలుగు వెడల్పాటి ఖాళీలు వస్తాయి. పదహారు గీస్తే పదిహేను సన్నని ఖాళీలు వస్తాయి. అందుకున్నవాడు ఏ గీతో గుర్తుపట్టాలి, అదీ నాలుగు రెట్లు వేగంగా. పక్క జత నుంచి కొద్దిగా సంకేతం కారినా, జాక్ దగ్గర కొంచెం వెనక్కి తన్నినా, ఐదు గీతల గోడ మీద అది తెలియను కూడా తెలియదు. పదహారు గీతల మీద అదే కారుడు పక్క గీత మీదికి తోసేస్తుంది.

ఆ వేగానికి కేబుల్ మోయాల్సిన పౌనఃపున్యం 250 మెగాహెర్ట్జ్ దాకా వెళుతుంది. క్యాట్ 5ఈకి ప్రమాణం హామీ ఇచ్చేది 100 వరకే, క్యాట్ 6కి 250 వరకు, క్యాట్ 6ఏకి 500 వరకు. క్యాట్ 6 సరిగ్గా అంచున ఉంది. అందుకే కాగితం 40 మీటర్లంటుంది, అదీ మంచి కేబుల్ అయితేనే.

రెండో తేడా తప్పు జరిగాక ఏం చేస్తారన్నది. ఫైలు పంపేటప్పుడు ఒక ప్యాకెట్ పాడైతే అందుకున్న వైపు మళ్లీ అడుగుతుంది, వాడేవారికి తెలియకుండానే పని నడిచిపోతుంది. తెర మీద గీయాల్సిన చుక్క ఆగదు. దాని సమయం దాటాక వచ్చినా పనికిరాదు. `iperf3` చూపించిన నిలకడలో అప్పుడప్పుడూ జరిగిన తప్పులు కూడా దాక్కుని ఉండవచ్చు.

దశ 4: అనుమానితుల్ని ఒక్కొక్కరినే తీయడం

ఒకేసారి అన్నీ మార్చితే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు. కాబట్టి ఒక్కో మార్పు, ఒక్కో గంట రికార్డు.

1. కరెంటు. కేబుల్ గుండా కరెంటు ఆపి, ప్రొజెక్టర్ దగ్గరి పెట్టెకు సొంత అడాప్టర్ పెట్టాం. గంటకు 10. అంటే వోల్టేజీ పడిపోవడం అసలు కారణం కాదు.
2. ప్యాచ్ కార్డులూ అతుకులూ. రెండు కార్డులూ తీసేసి, ప్యానెల్ నుంచీ గోడ జాక్ నుంచీ కేబుల్ ఊడదీసి, 33 మీటర్ల కేబుల్‌కే రెండు వైపులా ప్లగ్గులు వేశాం. గంటకు 4.
3. పక్క కేబుళ్లు. పైకప్పు ట్రేలో ఈ కేబుల్ 9 మీటర్ల మేర మరో 14 నెట్‌వర్క్ కేబుళ్లతో కలిపి ప్లాస్టిక్ టైలతో బిగించి ఉంది. విప్పేముందు, ఆ పద్నాలుగింటినీ స్విచ్ దగ్గర ఊడదీసి చూశాం. గంటకు 2.

రెండో అంకంలో తీసిన కార్డుల్లో ఒకటి చదునుగా, రిబ్బన్ లాగా ఉండే రకం. దాని తొడుగు చీల్చి చూస్తే జతలకు పురి దాదాపు లేదు. పురి అలంకారం కాదు. జతలోని రెండు తీగలూ ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటేనే బయటి రొద రెండిటి మీదా సమానంగా పడుతుంది, అందుకునే పెట్టె ఆ రెండిటి తేడానే చూస్తుంది కాబట్టి రొద కొట్టుకుపోతుంది. ఈ పనికి చదును కార్డు అర మీటరైనా వద్దు.

మూడో అంకం నెట్‌వర్క్ వాళ్లకు వింతగా ఉంటుంది. గిగాబిట్ కేబుళ్లను వందల్లో కట్టగట్టడం మామూలే. ఒక కేబుల్‌లోని నాలుగు జతల మధ్య కారుడేమిటో పెట్టె లోపలి చిప్‌కు తెలుసు, ఎందుకంటే ఆ నాలుగూ దానివే. దాన్ని చాలావరకు తీసేయగలదు. పక్క కేబుల్‌లో ఏం నడుస్తోందో మాత్రం దానికి తెలిసే దారి లేదు. అందుకే ఆ రొద అలాగే మిగిలిపోతుంది.

ఇప్పటివరకు:
- దారి: 33 మీటర్లు, అతుకులు 0, పక్కవాళ్లు ఆపేసి
- 4కె: 11 నుంచి 2కి దిగింది, సున్నా కాలేదు

దశ 5: కేబుల్ లోపల ఏముంది

మిగిలిన ఆ రెండు నలుపుల గురించి కేబుల్‌నే అడగాలి. దీనికి ఖరీదైన టెస్టర్ అక్కర్లేదు, మల్టీమీటర్ చాలు.

1. మల్టీమీటర్ ముల్లులు రెండూ ఒకదానికొకటి ఆనించి చదవాలి. మాది 0.3 ఓమ్‌లు. ఇది తర్వాత తీసివేయాలి.
2. కేబుల్ దూరపు చివర ఒక జతలోని రెండు తీగల రాగినీ కలిపి మెలిపెట్టాలి.
3. ఈ చివర అదే జత మీద నిరోధం కొలవాలి. ఇది పోనూ రానూ కొలత, అంటే 66 మీటర్ల తీగ.

మాకు 7.1 వచ్చింది. 0.3 తీస్తే 6.8 ఓమ్‌లు.

కేబుల్ మీద 23 గేజ్ అని ముద్రించి ఉంది. 23 గేజ్ అసలు రాగి తీగ 100 మీటర్లకు సుమారు 6.7 ఓమ్‌లు. 66 మీటర్లకు 4.4 రావాలి. సన్నటి 24 గేజ్ అయినా 5.6 దాటకూడదు. తీగ సన్నగా ఉందేమోనని క్యాలిపర్‌తో చూస్తే మందం 0.57 మిల్లీమీటర్లు, అంటే 23 గేజే. మందం సరిగ్గా ఉండి నిరోధం ఒకటిన్నర రెట్లు ఉంటే లోహమే వేరు. తీగ మీద బ్లేడు ఆనించి గోకితే ఎర్రటి పూత లేచిపోయి లోపల వెండిలా తెల్లగా మెరిసింది. అల్యూమినియం మీద రాగి పూత. వాడుకలో సీసీఏ. అయస్కాంతంతో ఇది దొరకదు, అల్యూమినియం అంటుకోదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. సీసీఏ కాబట్టే బొమ్మ పోయింది అనడం సులువు, కానీ పూర్తిగా నిజం కాదు. అంత ఎక్కువ పౌనఃపున్యంలో కరెంటు తీగ పైపొరలోనే నడుస్తుంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ పొర మందం 7 మైక్రాన్లకు లోపే, పూత చాలావరకు అంతకన్నా మందంగానే ఉంటుంది. అంటే ఆ వేగపు సంకేతాన్ని మోసేది రాగే. సీసీఏ కొట్టే దెబ్బలు వేరే. కేబుల్ గుండా కరెంటు పంపితే వోల్టేజీ ఎక్కువ పడిపోతుంది, తీగ వేడెక్కుతుంది. మెత్తటి అల్యూమినియం ప్లగ్ కోరల కింద నలిగి, కొన్ని నెలలకు పట్టు వదులుతుంది. అన్నిటికంటే పెద్దది, సీసీఏతో చేసిన దాన్ని ఎవరూ క్యాట్ 6 ప్రమాణం ప్రకారం పరీక్షించి అమ్మరు, ఎందుకంటే ఆ ప్రమాణం అసలు రాగినే ఒప్పుకుంటుంది. పురి ఎంత సమంగా ఉందో, జతల మధ్య అడ్డుకట్ట ఉందో లేదో ఎవరికీ తెలియదు. మా కేబుల్‌లో జతల్ని విడదీసే ప్లాస్టిక్ కమ్మీ లేదు, ఒక జత పురి చోటుచోటుకీ మారుతోంది. ఆ మిగిలిన రెండు నలుపులకూ మా అనుమానం దీని మీదే.

దశ 6: కొత్త కేబుల్, మొదటిసారి తప్పిన ప్లగ్

ఎంచుకున్నది: క్యాట్ 6ఏ, 23 గేజ్, ఒంటి తీగ, అసలు రాగి, మొత్తానికి రేకు షీల్డ్ ఉన్నది. 34 మీటర్లు. షీల్డ్ కోరింది ముఖ్యంగా ట్రేలో పక్కవాళ్ల కోసం. సన్నని రాగి పోగులు మెలిపెట్టిన తీగల కేబుల్ వద్దన్నది పొడవు వల్ల, అదే పొడవులో దానికి నష్టం ఎక్కువ.

లాగేటప్పుడు ట్రేలో పాత కట్టకు ఒక జానెడు ఎడంగా వేశాం. ప్లాస్టిక్ టైలు బదులు వెల్క్రో పట్టీలు, కేబుల్ నొక్కుకుపోకుండా వేలు దూరేంత వదులు. మిగిలిన కేబుల్‌ను చుట్టగా చుట్టి పైకప్పులో దాచకుండా కోసేశాం. మలుపుల దగ్గర కేబుల్ మందానికి కనీసం నాలుగింతల వ్యాసార్థం.

మొదటి ప్లగ్ వేశాం, ఎనిమిది లైట్ల టెస్టర్ అన్నీ పచ్చగా చూపింది, పెట్టెలు పెడితే లింక్ లైటు మిణుకుమిణుకుమంది. కారణాలు రెండు దొరికాయి.

ఒకటి, క్యాట్ 6ఏ తీగల ఇన్సులేషన్ లావు. మామూలు ప్లగ్ రంధ్రాల్లో పట్టక, తోసి దూర్చాం. రెండు తీగలు చివరిదాకా వెళ్లలేదు, కోరలు అంచును మాత్రమే తాకుతున్నాయి. డీసీకి అది చాలు, అందుకే టెస్టర్ ఒప్పుకుంది.

రెండు, సులువుగా దూర్చాలని జతల పురిని 30 మిల్లీమీటర్ల దాకా విప్పేశాం. 13 దాటకూడదు.

ఈ టెస్టర్ గురించి ఇంకొకటి. రంగుల జతలు చూడకుండా 1-2, 3-4, 5-6, 7-8 అని వరసగా వేసినా, రెండు వైపులా అలాగే ఉంటే అది పచ్చగానే చూపిస్తుంది. కానీ 3, 6 పిన్నులు ఒకే జత కావాలి, 4, 5 ఒకే జత కావాలి. వరసగా వేస్తే ఈ రెండు సంకేతాలూ వేర్వేరు జతల తీగల్ని పంచుకుని, ఒకదానిలోకి ఒకటి పూర్తిగా కారిపోతాయి.

రెండోసారి చేసిన తీరు:

1. క్యాట్ 6ఏ 23 గేజ్ ఒంటి తీగకని రాసి ఉన్న, లోహపు తొడుగు ప్లగ్గులు.
2. తొడుగు 25 మిల్లీమీటర్లు తీసి, రేకును వెనక్కి మడిచి, రేకు వెంట నడిచే వట్టి తీగను, అంటే డ్రెయిన్ తీగను, దాని మీద చుట్టడం.
3. రెండు చివర్లా టీ568బీ క్రమం: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ.
4. పురి 10 మిల్లీమీటర్లే విప్పి, తీగల కొసలు ప్లగ్ ముందు గోడకు తగిలాయో లేదో కళ్లతో చూశాకే క్రింపింగ్.
5. ప్లగ్ లోహపు తొడుగుకూ డ్రెయిన్ తీగకూ మధ్య మల్టీమీటర్ బీప్ రావాలి. తర్వాత ఈ చివరి ప్లగ్ తొడుగు నుంచి ఆ చివరి తొడుగు దాకా కూడా.

నిరోధం మళ్లీ కొలిచాం: 0.3 తీసేశాక 4.6 ఓమ్‌లు. 68 మీటర్ల 23 గేజ్ రాగికి రావాల్సిందే.

ఇప్పటివరకు:
- దారి: 34 మీటర్లు, అతుకులు 0, పక్క కేబుళ్లన్నీ నడుస్తూనే
- 4కె: 12 గంటల రికార్డులో నలుపులు 0
- కేబుల్ గుండా కరెంటు తిరిగి ఆన్ చేసి, ప్రొజెక్టర్ వైపు అడాప్టర్ తీసేశాక మరో 12 గంటలు: 0

దశ 7: తర్వాత వచ్చేవారి కోసం

గోడలో ఉన్న కేబుల్‌ను మార్చడం అసలు కుదరని చోట మిగిలే దారుల్లో ఒకటి ఇది. కొన్ని పెట్టెల్లో లాంగ్ రీచ్ అనే మీట ఉంటుంది. అది సంకేతాల వేగం తగ్గించి 1080పీకే పరిమితం చేస్తుంది, బదులుగా దూరం పెరుగుతుంది. పాత కేబుల్ మీద 1080పీ గంటంతా నిలిచిందని గుర్తుంటే, అది పనిచేసే అవకాశం ఎంతో అర్థమవుతుంది. ఇటువైపు 4కెలో సెకనుకు 60 ఫ్రేములు, పూర్తి రంగు కావాలంటే హెచ్‌డీఎంఐ మీద అది 18 గిగాబిట్లకు దగ్గర. పాత తరం హెచ్‌డీబేస్‌టీ మోసేది 8. కుదించి పంపే పెట్టెగానీ, 3.0 తరం పెట్టెగానీ కావాలి, కేబుల్ మార్చి లాభం లేదు.

పాత కేబుల్‌ను ప్యానెల్‌లో తిరిగి బిగించి నెట్‌వర్క్‌కే వదిలేశాం, గిగాబిట్‌కి అది బాగానే ఉంది. కొత్త కేబుల్‌ను ప్యాచ్ ప్యానెల్‌కి తేలేదు, కావాలనే. ప్యానెల్‌లో ఒక పోర్టుగా కనిపిస్తే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు దాన్ని స్విచ్‌కి కలుపుతారు, ఇప్పుడు అందులో కరెంటు కూడా ఉంది. రెండు చివర్లా ఎర్ర పట్టీ చుట్టి, దాని మీద ఇలా రాశాం: "వీడియో లైను. నెట్‌వర్క్ కాదు. స్విచ్‌లో పెట్టవద్దు. 34 మీ., క్యాట్ 6ఏ, 4.6 ఓమ్‌లు." ఎప్పుడైనా నలుపులు మళ్లీ మొదలైతే, మొదట కొలవాల్సింది ఆ చివరి అంకెనే.